కోల్డ్ ఫ్రంట్ దాటిందట, చలి ఏది?

నీలిమబ్బు: మూడు గంటలుగా తల పట్టుకు కూర్చున్నా. ఫ్రంట్ పొద్దున్నే దాటిపోయినట్టు మ్యాప్‌లో ఉంది. రిపోర్టులో మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య గాలి మారింది, ఉష్ణోగ్రత 19 దగ్గరే ఆగింది. ఏది తప్పు?

గాలిమర: ఏ ఊరు? ఏ నెల? రిపోర్టు ఉన్నదున్నట్టు పెట్టండి.

నీలిమబ్బు: డాలస్ అండీ, డిసెంబరు. చెప్పాననుకున్నా.

```
KDFW 111253Z 19014G22KT 10SM BKN025 19/17 A2968
KDFW 111353Z 28018G27KT 10SM FEW040 19/06 A2973
```

పాతమేష్టారు: ముందు దాన్ని వాతాగ్రం అనండి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో బ్యెర్క్నెస్ బృందం దీన్ని గుర్తించింది. రెండు వాయురాశులు ఎదురెదురుగా నిలిచిన తీరు చూసి యుద్ధరంగం మాటనే దీనికీ పెట్టారు.

గాలిమర: మేష్టారూ, పేరు సంగతి తర్వాత చూద్దాం. ఆ `Z` గ్రీనిచ్ సమయం. డాలస్‌లో చలికాలం 6 గంటలు తీసేయాలి. `1353Z` అంటే పొద్దున 7:53, కాబట్టి మ్యాప్ సరైనదే.

ఫ్రంట్‌ని ఉష్ణోగ్రతతో వెతక్కండి. 19 పక్కనున్న అంకె డ్యూ పాయింట్, గాలిలో తేమ ఎంతుందో చెప్పేది. అది గంటలో 17 నుంచి 6కి పడిపోయింది. అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చిన తేమ గాలి వెళ్లిపోయింది. గాలి దక్షిణం నుంచి పడమరకి తిరిగింది, చివర `A` పక్కనున్న పీడనం పెరిగింది. ఈ మూడూ ఒకేసారి మారాయి.

ఇక చలి ఎందుకు లేదంటే, ఈ గాలి పసిఫిక్ వైపు నుంచి రాకీ పర్వతాలు దాటి వచ్చింది. దిగే గాలి కిలోమీటరుకి సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అందుకే పొడిగా ఉంది గానీ చల్లగా లేదు. కెనడా చలి దీని వెనక రెండో ఫ్రంట్‌తో వస్తుంది.

కూకట్‌పల్లి వాసి: మాకూ డిసెంబరులో ఉన్నట్టుండి చలి పెరుగుతుంది. అదీ ఫ్రంటేనా?

గాలిమర: కాదు. ఉత్తరాది పొడిగాలి, మబ్బులేని రాత్రి. అంత దూరం వచ్చేసరికి సరిహద్దు చెదిరిపోతుంది.

మైదానం: డ్యూ పాయింట్ పడి ఉష్ణోగ్రత నిలిస్తే అది డ్రైలైన్, తేమగాలికీ పొడిగాలికీ మధ్య గీత. ఫ్రంట్ అనకూడదు.

గాలిమర: డ్రైలైన్ ఎక్కువగా వసంతంలో, ఎండ ముదిరాక తూర్పుకి జరుగుతుంది, రాత్రికి వెనక్కి పోతుంది. ఇది డిసెంబరు, తెల్లవారిన కాసేపటికే వచ్చింది.

మైదానం: పెద్ద తుపాను వ్యవస్థ లాగితే డ్రైలైన్ రాత్రిపూట కూడా ముందుకే వస్తుంది. రెండే రిపోర్టులతో తేల్చలేరు.

గాలిమర: ఆ మాట నిజమే, పై గాలుల పటం కూడా కావాలి. నీలిమబ్బు గారూ, మధ్యాహ్నందాకా ఉన్న రిపోర్టులు కూడా చూడండి.

నీలిమబ్బు:

```
KDFW 111753Z 35024G36KT 10SM BKN050 12/M01 A2995
```

11:53కి ఉత్తర గాలి, 12 డిగ్రీలు. `M01` అంటే మైనస్ ఒకటేగా? సరే, రెండోది దొరికింది. థాంక్స్.

పాతమేష్టారు: మరి వాతాగ్రం అనే రాస్తారా?