అప్‌డేట్: ఫీజు గొడవ తీరింది, శ్రుతి గొడవ మొదలైంది

అప్పుడు నేను అడిగింది ఇదీ: "హనుమకొండలో మా వీధి పిల్లలు తొమ్మిది మందికి ఇంట్లో కర్ణాటక సంగీతం చెబుతున్నాను. ఫీజు క్లాసు లెక్కనా, నెల లెక్కనా? చిన్న కచేరీ ఎలా పెట్టాలి?"

నెల లెక్కకే మారాను. ఎనిమిది క్లాసులకు 800, ఐదో తారీఖులోపు. పిల్లలు మానేస్తే తగ్గింపు లేదు, నేను మానేస్తే ఆదివారం చెప్తాను. బతుకమ్మ సెలవుల నెలకు మాత్రం సగమే తీసుకున్నాను.

అసలు తిప్పలు కచేరీ ప్రాక్టీసులో వచ్చాయి. అందరికీ ఐదు శ్రుతి పెట్టి మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు పాడిస్తే, పదమూడేళ్ల బాబు పై షడ్జం దగ్గర గడ్డం పైకెత్తి, మెడ నరాలు బిగించి అరుస్తున్నాడు. బద్ధకం అనుకుని రెండు వారాలు కోప్పడ్డాను, తప్పు నాదే. వాడికి గొంతు మారుతోంది. రెండు శ్రుతికి దించితే మెడ వదులైంది, స్వరం నిలిచింది. అందుకే వాడికి విడిగా ఒక మలహరి గీతం ఇచ్చాను.

మిగతావాళ్లకు మూడో కాలం, అంటే మూడో వేగం, తీసేశాను. స్వరాలు రెట్టింపు కాగానే ఆదితాళం వేసే చెయ్యి కూడా ఉరుకుతోంది మరి. రెండు కాలాలే పాడారు.

మా హాల్లోనే, మైకు లేకుండా, 25 నిమిషాల్లో అయిపోయింది. ఒక తాతయ్య మాత్రం "అప్పుడే అయిపాయెనా?" అన్నారు.