బీము డిఫ్లెక్షన్ 1.9 మి.మీ. అని వస్తే నమ్మవచ్చా?

మాంబళం_సివిల్
మా ఆఫీసు చెన్నైలో. వెస్ట్ మాంబళంలో ఒక పాత ఇంట్లో రెండు గదుల మధ్య గోడ తీసేసి కొత్తగా కాంక్రీట్ బీము వేస్తున్నాం. స్పాన్ 6 మీటర్లు, సైజు 230 × 450, కాంక్రీట్ ఎం25, సొంత బరువుతో కలిపి లోడు మీటరుకు 25 కిలోన్యూటన్లు. రెండు చివరలూ పాత ఇటుక గోడల మీద ఆనుతాయి.

నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన డిప్లొమా అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లో చేసి, డిఫ్లెక్షన్ 1.9 మి.మీ. వచ్చిందని చూపించింది. అనుమతి 24 కాబట్టి చాలా భద్రమని ఆమె ఉద్దేశం. మాకు సలహాలిచ్చే రిటైర్డ్ ఇంజనీరు గారు చూసి, "ఆరు మీటర్లకు 1.9 అంటే స్పాన్‌లో మూడు వేలో వంతు. నిండు లోడు మోసే కాంక్రీట్ బీము అంత బిగువుగా ఉంటుందా అమ్మా?" అన్నారు.

స్క్రీన్ ఆపించి, చివరలు ఊరికే ఆనితే ఎంత, కదలకుండా బిగిస్తే ఎంత, రెండూ కాగితం మీద కట్టమన్నారు. మొదటిది 5wL⁴/384EI. పగుళ్లు లేని సెక్షన్‌తో 9.7 వచ్చింది. రెండోది 1.9. "చూశావా, సరిగ్గా అయిదు రెట్లు. కంప్యూటర్ లెక్కలో తప్పేమీ లేదు. నువ్వు చివరలు బిగించి ఇచ్చావు, ఆ బీముకే జవాబు చెప్పింది. అలాంటి బీము మన సైట్లో లేదు."

నాకు నచ్చింది ఆయన తేడాను రెట్లలో చూడడం. మీ దగ్గర పెద్దలు ఎలా నేర్పారు?

హోసూరు_రోడ్డు
24 లోపే ఉంది కదా. 1.9 అయినా 9.7 అయినా పాసే. పని ఆపి ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

పాత_స్కేలు
పాసా కాదా అన్నది తర్వాత, బాబూ. 9.7 కూడా నమ్మదగింది కాదు, అది పగలని బీముది. ఈ బీము మధ్యలో మొమెంట్ 112 కిలోన్యూటన్ మీటర్ల పైచిలుకు. ఈ సైజు 27 దగ్గరే పగలడం మొదలుపెడుతుంది. మామూలుగా పడే స్టీలు పెట్టి పగిలిన సెక్షన్‌తో చేస్తే బిగువు సగం కంటే కొంచెం ఎక్కువే మిగులుతుంది. అంటే పూర్తి లోడు పడిన వెంటనే 17 దాకా. పైగా ఆ 24 అనే హద్దు క్రీప్, ష్రింకేజ్ కలిపిన మొత్తానికి. ఏళ్ల తరబడి ఉండే బరువు వల్ల పెరిగేది కలిస్తే 24 దాటవచ్చు. మీరు పాస్ అన్నది అక్కడ ఫెయిల్ కావచ్చు.

రెట్ల సంగతి నిజం. మాకు ఒకసారి సాఫ్ట్‌వేర్ జవాబు చేతిలెక్కకు దాదాపు నాలుగు రెట్లు వచ్చింది. చూస్తే సెక్షన్ పక్కకు తిరిగి పడుకుంది. 450, 230ల నిష్పత్తిని వర్గం చేసి చూడండి, 3.8 వస్తుంది. ఎనిమిది రెట్లు తక్కువ వస్తే నేను ముందు మెటీరియల్ చూస్తాను, ఎం25 బదులు స్టీలు పడి ఉంటుంది.

గిండీ_పద్మ
మా ఫ్లాట్‌లో బాల్కనీ చివర కిందకు వాలినట్టు ఉంది, నీళ్లు అటే పోతున్నాయి. ఇది కూడా ఈ 24 లెక్కలోకే వస్తుందా?

పాత_స్కేలు
కాదమ్మా. బాల్కనీకి ఒక చివరే ఆధారం, దాని లెక్క వేరు. వాలు నీళ్లు పోవడానికి కావాలనే పెట్టి ఉండవచ్చు. ఏటేటా పెరుగుతుంటేనో, పైవైపు గోడ దగ్గర పగుళ్లుంటేనో వెంటనే ఇంజనీరుకు చూపించండి.

కోరమంగళ_డిజైన్
ఒక్కటి ఒప్పుకోను. ఇటుక గోడ మీద ఆనితే పూర్తిగా స్వేచ్ఛ అనడం కూడా అతే. బీము చివరల మీద పై గోడ బరువు కూర్చుంటే కొంత బిగింపు వస్తుంది. మేం బెంగళూరులో అలాంటి చోట చివరల్లో పైన స్టీలు ఇస్తాం.

పాత_స్కేలు
స్టీలు ఇవ్వండి, పగుళ్లను అదుపులో ఉంచుతుంది. డిఫ్లెక్షన్ లెక్కలో మాత్రం ఆ బిగింపును నమ్ముకోను. పాత సున్నపు గచ్చు గోడ ఎంత పట్టుకుంటుందో ఎవరు చెప్పగలరు?

కోరమంగళ_డిజైన్
అలా అయితే ప్రతి బీమూ అవసరం కంటే లోతుగా వేయాల్సి వస్తుంది. పాత ఇళ్లలో తల ఎత్తు ఎక్కడిది?

మాంబళం_సివిల్
మా దగ్గరా సరిగ్గా అదే ఇబ్బంది. 525 లోతు వేస్తే తలుపు చట్రానికి తగులుతుంది. కింద జాకీలు తీసే రోజున మధ్యలో డయల్ గేజ్ పెట్టమని సార్ చెప్పారు. ఆ అమ్మాయి ముందే తన అంచనా రాసిపెట్టాలట, ఇప్పటికి 14 అని రాసింది.

పాత_స్కేలు
ఆ రోజు లైవ్ లోడు ఉండదు, కాబట్టి 17 రాకూడదు. పడేది మీటరుకు 20 అయితే 14 సరైన అంచనాయే. గేజ్ స్టాండును మాత్రం జాకీలు నిలిపిన పలకల మీద పెట్టకండి, జాకీ వదలగానే పలక కూడా కదులుతుంది. రెండు చివరల దగ్గర కూడా ఒక్కో గేజ్ పెట్టండి. గోడ మీద ఆనిన చోట బీము కిందికి నలిగితే ఆ కొలత మధ్యలోని దానిలో కలిసిపోతుంది, దాన్ని తీసేయాలి.