వాతావరణ చార్టులో తెలుగు పట్టకపోతే మాట కోయాలా, డిజైన్ మార్చాలా?

వంశధార (శ్రీకాకుళం): మా జిల్లా హైస్కూళ్ల కోసం భూతాపం చార్టు ఒకటి తెలుగులోకి మారుస్తున్నాం. ఇంగ్లీషులో వై అక్షం పక్కన నిలువుగా తిప్పి ‘టెంపరేచర్ అనామలీ (°C), రిలేటివ్ టు 1850–1900’ అని ఉంది. తెలుగులో రాస్తే చార్టు ఎత్తు దాటిపోతోంది. ‘ఉష్ణోగ్రత (°C)’ అని పెట్టి ఊరుకుందాం అంటున్నాడు డిజైనర్. ఏం చేయమంటారు?

నాగావళి: డిజైనే మార్చండి. ఉత్త ‘ఉష్ణోగ్రత’ అని వదిలేస్తే చార్టు చెప్పే విషయమే మారిపోతుంది. 2024 దగ్గర గీత 1.55కి వెళ్తుంది. మే నెలలో నలభై డిగ్రీల ఎండ చూసే పిల్లలు ఆ అంకెను భూమి వేడి అనుకుంటారు, లేదంటే చార్టే తప్పనుకుంటారు. అది వేడి కాదు, 1850–1900 సగటు మీద పెరిగిన తేడా.

ఆ సంవత్సరాలు కూడా పోకూడదు. అదే 2024కి ప్రపంచ వాతావరణ సంస్థ 1.55 అంటే నాసా 1.28 అంది. ఎవరి లెక్కా తప్పు కాదు. నాసా 1951–1980 సగటుతో పోలుస్తుంది, అప్పటికే భూమి కొంత వేడెక్కి ఉంది. దేనితో పోల్చారో రాయకుండా ఈ రెండు చార్టులూ ఒకే గోడకు అంటిస్తే పిల్లలు దేన్ని నమ్మాలి?

చోటు కోసం ఇలా చేయండి. తిప్పి రాసే పద్ధతి మానేసి, చార్టు పైన ఎడమ మూలన అడ్డంగా ‘ఉష్ణోగ్రత ఎంత పెరిగింది (°C)’ అని పెట్టండి. సంవత్సరాలను శీర్షికలో ఇరికించకుండా సున్నా గీత దగ్గరే ‘0 = 1850–1900 సగటు’ అని రాయండి. అక్షం మీద +0.5, +1.0 అని ప్లస్ గుర్తు ఉంచితే అది తేడా అని చూడగానే తెలుస్తుంది.

రాజాం ఫ్లెక్స్: ఇంత హైరానా ఎందుకండీ? తిప్పి రాసిన తెలుగు ఎవరూ చదవరు, అంతవరకు నిజం. కానీ మిగతాదానికి సైజు తగ్గించి, అక్షరాలను పక్కలకు కాస్త నొక్కితే చాలు. పెళ్లి ఫ్లెక్సుల్లో బంధువుల పేర్లన్నీ ఒకే వరుసలో పట్టిస్తున్నాం కదా.

నాగావళి: పేర్లంటే ముందే తెలిసినవి, సగం కనిపించినా పోల్చుకుంటారు. ‘ఉష్ణోగ్రత’ అలా కాదు. అందులో ణ వత్తు, ర వత్తు రెండూ కిందికి దిగుతాయి. నొక్కితే ముద్దయిపోతాయి. రెండు వరుసల్లో రాసినా, ఇంగ్లీషుకు పెట్టిన వరుసల దూరాన్నే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దూరం ఇచ్చి చూడండి.

బొబ్బిలి మాస్టారు: మాకూ ఇదే బాధ. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మీద బడిలో పోస్టర్ వేయించాం. ‘వర్షపాతం’ అని టైపు చేసి ఇస్తే, ర పొల్లు విడిగా, షపాతం విడిగా వచ్చింది. అది కూడా చోటు చాలకేనా?

నాగావళి: కాదు మాస్టారూ, అది వేరే జబ్బు. ఆ సాఫ్ట్‌వేర్ వత్తులు కలపలేదు. InDesign అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోవాలి. ప్రింటుకు పంపే ముందు ‘ఉష్ణోగ్రత’, ‘వర్షపాతం’ ఈ రెండు మాటలు చూడండి. ఎక్కడైనా పొల్లు కనబడితే కలవలేదన్నమాట. matplotlib తో గీసిన చార్టుల్లోనూ ఇది మామూలే. అక్షరాలు లేకుండా గ్రాఫును SVGగా తీసుకుని, తెలుగును Inkscape లో రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

వంశధార: మీరు చెప్పినట్టే చేశాం. ఎడమ పక్క ఖాళీ అయిన చోటు చార్టుకే కలిసొచ్చింది. కానీ సున్నా గీత మీది మాటలు చదవడానికి రావడం లేదు. మొదటి యాభై ఏళ్లూ గ్రాఫు సున్నాకు అటూ ఇటూ ఊగుతోంది, సరిగ్గా అక్షరాల మీదుగానే పోతోంది.

నాగావళి: ఎడమ చివర పెట్టి ఉంటారు. కుడి చివరకు జరిపి, సున్నా గీతకు కింద రాయండి. 1980 తర్వాత ఏ ఏడూ ఆ సగటు కిందికి దిగలేదు కాబట్టి అక్కడంతా ఖాళీయే.

బొబ్బిలి మాస్టారు: ఒక్క మాట. సున్నా డిగ్రీలంటే మా పిల్లలకు నీళ్లు గడ్డకట్టడమే గుర్తొస్తుంది. ‘0 =’ తీసేసి ‘1850–1900 నాటి సగటు’ అని మాత్రం రాస్తే నయం.

నాగావళి: నాకు ఒప్పుదల లేదు మాస్టారూ. పక్కన అక్షం మీద సున్నా ఎలాగూ ఉంటుంది. అది ఏమిటో చెప్పేది ఈ మాటే, ముడి తెంచకూడదు.

బొబ్బిలి మాస్టారు: క్లాసులో నిలబడి చెప్పేది మేము కదండీ. ఆ సున్నా దగ్గరే ఆగిపోతారు, చూడండి.

వంశధార: రెండు రకాలూ ప్రింటు తీసి తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకు చెరొకటి ఇస్తాం. 2024లో ఎంత పెరిగింది, దేనికంటే పెరిగింది అని రెండే ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులు ఇక్కడే పెడతాను.