రాత్రి 2 గంటలకు ఇంటికి పోతానన్న పేషెంటు: ఇంటర్వ్యూలో నా జవాబు తప్పా?

కావలి కుర్రాడు

నెల్లూరులో హౌస్ సర్జన్సీ అయిపోయింది. ఇప్పుడు యూకే ఇంటర్నల్ మెడిసిన్ ట్రైనింగ్ ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నా. నిన్న మాక్ ఇంటర్వ్యూలో ఇచ్చిన సీన్ ఇది: "54 ఏళ్ల మనిషి, షుగర్ ఉంది. పాదానికి చీము పట్టి రెండు రోజుల క్రితం అడ్మిట్ అయ్యాడు. రాత్రి 2 గంటలకు క్యాన్యులా పీకేసి, నర్సును తిట్టి, ఇంటికి పోతానంటున్నాడు. మీరేం చేస్తారు?" శాంతంగా నచ్చజెప్తాను, వినకపోతే సెక్యూరిటీని పిలుస్తాను, డాక్టర్ల సలహా వద్దని వెళ్తున్నానని రాసిచ్చే లామా ఫారం మీద సంతకం తీసుకుని పంపిస్తాను అన్నా. 5కి 2 వేశారు. తప్పెక్కడ? సంతకం చాలదా?

పినాకిని ఒడ్డు

బ్రదర్, నీ జవాబులో తప్పేమీ లేదు. వయసొచ్చిన మనిషి ట్రీట్‌మెంట్ వద్దంటే బలవంతంగా ఆపే హక్కు మనకు లేదు. సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పిందీ ఇదే, పేషెంటు సమ్మతి లేనిదే చేయి వేయకూడదని. పైగా మన ఆంధ్రప్రదేశ్‌లో హాస్పిటల్ సిబ్బంది మీద దాడి చేస్తే కేసు పెట్టడానికి 2008 నుంచే చట్టం ఉంది. సెక్యూరిటీని పిలవడంలో తప్పేముంది? నువ్వు ఎథిక్స్ నాలుగు సూత్రాల పేర్లు వరసగా చెప్పి ఉండవు, అందుకే మార్కులు పోయుంటాయి. అవి ముందు బట్టీ పట్టు.

ఒంగోలు అక్క

ఇంగ్లండ్‌లో మెడికల్ రిజిస్ట్రార్‌గా, అంటే జూనియర్ల పైన ఉండే సీనియర్ డాక్టర్‌గా చేస్తున్నా, మాది ఒంగోలు. పినాకిని గారు సమ్మతి గురించి చెప్పింది నిజమే. కానీ ఆ మనిషి మామూలు స్థితిలో ఉన్నాడని మీ ఇద్దరూ ముందే అనుకున్నారు. మార్కులు పోయింది అక్కడ.

సీన్ మళ్లీ చదువు తమ్ముడూ. షుగర్ ఉంది, చీము ఉంది, అడ్మిట్ అయ్యి రెండు రోజులు. రోజూ మందు తాగే మనిషైతే చివరి చుక్క తాగి సుమారు 48 గంటలు దాటింది. మానేసిన మొదటి రోజే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం వస్తుంది. అప్పుడు గోడ మీద పురుగులు కనిపిస్తాయి, ఎక్కడున్నాడో తెలియదు, నర్సు తన దుప్పటి దొంగిలిస్తోందని అరుస్తాడు. ఇంకో దారి చూడు. ఇన్సులిన్ వేశారు, ఆకలి లేక రాత్రి అన్నం తినలేదు, 2 గంటలకు షుగర్ 45కి పడిపోయింది. అలాంటి మనిషి కూడా తిడతాడు, క్యాన్యులా పీకేస్తాడు. ఇక చీము రక్తంలోకి ఎక్కి సెప్సిస్ మొదలైతే తికమకే మొదటి గుర్తు కావచ్చు. కోపం అనుకున్నది జబ్బే అయి ఉండొచ్చు. ఆ స్థితిలో వాడు పెట్టిన సంతకం కాగితం మీద గీతే, దానికి విలువ లేదు.

అందుకే మొదటి మాట సెక్యూరిటీ కాకూడదు. "నేను బెడ్ దగ్గరికి వెళ్తాను, దూరంగా నిలబడి అతన్ని చూస్తాను. ఒప్పుకుంటే వేలు గుచ్చి షుగర్ చూస్తాను. ఆక్సిజన్, పల్స్, బీపీ, టెంపరేచర్ చూస్తాను. చివరిసారి మందు ఎప్పుడు తాగాడో ఇంటివాళ్లను అడుగుతాను" అని చెప్పు. షుగర్ తక్కువగా ఉంటే గ్లూకోజ్ ఇవ్వడం, తాగుడు అనుమానం ఉంటే థయామిన్ కూడా ఇవ్వడం, వణుకు ఉంటే బెంజోడయాజిపైన్ మొదలుపెట్టడం. ఇదంతా చెప్పడానికి ఒక నిమిషం చాలు.

ఇవేమీ లేవని తేలాక అసలు ఎథిక్స్ మొదలవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం కెపాసిటీ, అంటే సొంతంగా నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందా అని తేల్చడానికి నాలుగు విషయాలు చూస్తాం. చెప్పింది అర్థమైందా, కాసేపు గుర్తు పెట్టుకోగలడా, లాభనష్టాలు తూచగలడా, తన నిర్ణయం మనకు చెప్పగలడా. స్కాట్లాండ్‌కి వేరే చట్టం ఉంది, అక్కడికి అప్లై చేస్తే అది చదువు. అందరూ పొరబడేది ఒకటుంది. మన దృష్టిలో తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన కెపాసిటీ లేదనకూడదు. మందు వాసన వస్తోందని కూడా అనకూడదు. పై నాలుగూ ఉంటే పోనివ్వాల్సిందే.

సింగరాయకొండ రైతు

నేను డాక్టర్ని కాను, మా నాయన సంగతి చెప్తా. ఆయన కూడా ఇట్లాగే అర్ధరాత్రి హాస్పిటల్ నుంచి వచ్చేశాడు. అడ్మిట్ చేసింది పట్టణంలో ఒక ప్రైవేటు హాస్పిటల్. రెండెకరాల రొయ్యల గుంట మాది. నేను అప్పట్లో బెంగళూరులో ఉన్నా, గుంట దగ్గర మా తమ్ముడు ఒక్కడే, వాడికి పంతొమ్మిదేళ్లు. కరెంటు పోతే డీజిల్ ఇంజను వేసి ఏరేటర్లు తిప్పాల. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది, ఏరేటర్లు ఆగితే గంటలోనే రొయ్య పైకి తేలిపోతుంది. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేసి ఇంజను స్టార్ట్ కావడం లేదన్నాడు. మా నాయన లేచి చొక్కా వేసుకున్నాడు. డ్యూటీలో ఉన్న డాక్టరు "పోతే పో, మళ్లీ రావద్దు" అని కాగితం ముందు పెట్టాడు. ఎందుకు పోతున్నావని ఒక్క మాట అడగలేదు. నాయన సంతకం పెట్టి బయటికొచ్చి బైక్ ఎక్కాడు. గుంట నిలబడింది. కాలు నిలబడలేదు, మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. "మళ్లీ రావద్దన్నాడు కదా" అని వారం రోజులు ఏ హాస్పిటల్‌కీ పోలేదు మా నాయన.

ఒంగోలు అక్క

అన్నా, మీ నాయన సంగతి చదివాక నేను రాసింది సగమే అనిపిస్తోంది. "ఎందుకు పోవాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్న నా జవాబులో రాలేదు. కెపాసిటీ పరీక్షలో "తూచడం" తెలిసేది ఆ ప్రశ్నతోనే. మీ నాయన తూచారు. గుంట ఒకవైపు, కాలు ఒకవైపు. ఆయన నిర్ణయం తెలివితక్కువది కాదు, డాక్టరుకు దాని వెనక ఉన్నది తెలియదంతే. తెలిసుంటే పక్క గుంట వాళ్లకు ఫోన్ చేయించి రెండు గంటలు ఆపగలిగేవాడేమో. ఆపలేకపోయినా నోటి మాత్రల యాంటీబయాటిక్ రాసిచ్చి, "పొద్దున 8కి రండి, బెడ్ ఉంచుతాం, జ్వరం వచ్చినా ఎరుపు పైకి పాకినా ఆగకండి" అని పంపేవాడు.

తమ్ముడూ, ఇంటర్వ్యూలో లామా గురించి అడిగితే ఇదే చెప్పు. సలహా వద్దని వెళ్లేవాడికి కూడా మందులు, ఫాలోఅప్, తిరిగి రావచ్చన్న మాట ఇవ్వాలి. ఏం చెప్పానో, అతను ఏమన్నాడో, ఎన్ని గంటలకో కేస్ షీట్‌లో రాయాలి. కోర్టులో నిలబడేది ఆ రాత, ఖాళీ ఫారం మీద సంతకం కాదు.

వార్డ్ 4 స్టాఫ్

అందరూ పేషెంటు వైపే మాట్లాడుతున్నారు. నేను నెల్లూరులో పద్నాలుగేళ్లుగా నర్సుని. సీన్‌లో "నర్సును తిట్టి" అని ఉంది కదా, ఆ నర్సు గురించి ఒక్కరూ రాయలేదు. నా చెయ్యి మెలితిప్పిన పేషెంటు కూడా తాగుడు ఆగిపోయి విత్‌డ్రాయల్‌లో ఉన్నవాడే. జబ్బే, కాదనను. కానీ గ్లూకోమీటర్ పట్టుకుని దగ్గరికి పోవాల్సింది నేను. సెక్యూరిటీ ముందా, షుగర్ ముందా అంటే నాకు సెక్యూరిటీ ముందే. వాళ్లు మీద పడి పట్టుకోవడానికి కాదు, తలుపు దగ్గర కనపడేలా నిలబడడానికి.

ఒంగోలు అక్క

మేడం, ఇది నేను ఒప్పుకోవాలి. ఇక్కడ కూడా మొదట మన భద్రత, వెనక్కి రావడానికి దారి, ఒంటరిగా వెళ్లకపోవడం చూస్తారు. "నర్సు బాగానే ఉన్నారా అని అడుగుతాను, సెక్యూరిటీని దగ్గర్లో ఉండమంటాను" అని నా జవాబులో మొదటి వాక్యం అయి ఉండాల్సింది. నేను వద్దంది, వినకపోతే సెక్యూరిటీ అనే బెదిరింపుని.

పినాకిని ఒడ్డు

సరే, షుగర్ చూడాలన్నది నాకు తట్టలేదు. కానీ నా బాధ వేరే. ఇదంతా చక్కగా మాట్లాడగలిగేవాడికి మార్కులు. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, అందరికీ ఒకటే పేపరు, ర్యాంకు వస్తే సీటు, ముఖం చూసేవాడు లేడు. మా ఉదయగిరి వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడు ఇంగ్లీషులో ఈ సానుభూతి మాటలు ఎలా చెప్పగలడు? మన దగ్గర ఇంటర్వ్యూ పెడితే సిఫారసులే నడుస్తాయి.

కావలి కుర్రాడు

ఆ భయం నాకూ ఉంది అన్నా. మాక్‌లో "మెడిసిన్ ఎందుకు?" అని అడిగారు. మా తాతయ్య గుండెపోటుతో పోయారు, చిన్నప్పటి నుంచి కోరిక అన్నా. దానికి 3 వేశారు. నిజమే చెప్పా, ఇంకేం చెప్పాలి?

ఒంగోలు అక్క

తాతయ్య మాట తీసేయమనను. కానీ అది డాక్టర్ ఎందుకయ్యావో చెబుతుంది, మెడిసిన్ స్పెషాలిటీ ఎందుకో చెప్పదు. సర్జన్ కూడా అదే చెప్పగలడు. నువ్వు వార్డులో చేసినదేదైనా చెప్పు. కనిగిరి వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లను చూశావా? డయాలసిస్‌కి బస్సెక్కి పొద్దున్నే బయల్దేరేవాళ్లు, క్రియాటినిన్ పెరుగుతున్నా నొప్పి మాత్రలు వాడేవాళ్లు. అలాంటి ఒక మనిషి కేస్ షీట్‌లో నువ్వు ఏం గమనించి ఏం మార్చావో చెప్తే 4 పైన వేస్తారు.

పినాకిని గారి భయానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇక్కడ కనీసం ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తారు, ప్రశ్నలు అందరికీ దాదాపు ఒకటే. అయినా వచ్చీ రాని ఇంగ్లీషువాళ్లు నష్టపోవడం కళ్లారా చూశా. నీట్ ర్యాంకు ఆ మనిషి షుగర్ ఎవరు చూస్తారో కొలవదు, ఇంటర్వ్యూ ఆ ఇంగ్లీషును కొలవకుండా ఉండలేదు.

కావలి కుర్రాడు

మళ్లీ రాసుకున్నా, చూడండి అక్కా. "నర్సు క్షేమమా అని చూస్తాను, సెక్యూరిటీని తలుపు దగ్గర ఉండమంటాను. అతనికి నా పేరు చెప్పి, కూర్చోమని, ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడుగుతాను. మాట్లాడుతూనే షుగర్, ఆక్సిజన్, పల్స్, బీపీ, టెంపరేచర్ చూపించుకోమంటాను. తికమకగా ఉంటే రిజిస్ట్రార్‌ని పిలిచి ట్రీట్ చేస్తాను. స్పష్టంగా ఉంటే మందులు, తిరిగొచ్చే టైము ఇచ్చి పంపిస్తాను, అంతా రాస్తాను."

ఒంగోలు అక్క

ఇప్పుడు బాగుంది. ఒకటే మార్చు. స్పష్టంగా ఉన్నా రిజిస్ట్రార్‌ని పిలువు. కాలు పోయే ప్రమాదం ఉన్న మనిషిని నువ్వు ఒక్కడివే పంపేయకూడదు.

వార్డ్ 4 స్టాఫ్

బాబూ, నీ జవాబు బాగుంది. కానీ వాడు షుగర్ చూపించుకోనంటే? మా వార్డులో ఎక్కువసార్లు జరిగేది అదే. చెయ్యి చాచమంటేనే కొట్టడానికి వస్తాడు. షుగర్ తెలియకుండా కెపాసిటీ ఉందో లేదో ఎట్లా తేలుస్తావు?