లాక్ తెర మీది వాలెట్ తెరిస్తే ఫోనంతా తెరుచుకున్నట్టేనా?

సీతమ్మధార_గృహిణి: నిన్న ద్వారకానగర్‌లో మందులు కొన్నాక, లాక్ తెర అడుగు నుంచి వేలితో పైకి జరిపి సామ్‌సంగ్ వాలెట్ తెరిచాను. కార్డు కనిపించింది, వేలిముద్ర అడిగింది, పెట్టాను. స్వైపింగ్ మెషీన్ కౌంటరు లోపలివైపు ఉండడంతో ఫోనును దుకాణదారు చేతికే ఇచ్చాను. ఆ అర నిమిషంలో ఆయన నా ఫొటోలు, సందేశాలు చూడగలిగేవారా?

గాజువాక_రాజు: వేలిముద్ర పెట్టారంటే ఫోను తెరుచుకున్నట్టేనండి. ఇంకెవరికీ ఇవ్వకండి.

యాప్_పనివాడు: రాజు గారి మాట సగం నిజం. ఆ వేలిముద్రను అడిగింది ఎవరన్నదే ఇక్కడ కీలకం. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ తన తెరకు `showWhenLocked` అని రాసుకుంటే, ఆ ఒక్క తెర లాక్ మీద పరుచుకుంటుంది, కింద లాక్ అలాగే ఉంటుంది. సామ్‌సంగ్ వాలెట్ తన తెర మీద అడిగే వేలిముద్ర కార్డును ఆమోదించడానికే గనుక, హోమ్‌కు వెళ్లబోతే మళ్లీ లాక్ తెరే ఎదురవుతుంది. కొన్ని వాలెట్లు మాత్రం ముందు ఫోనునే అన్‌లాక్ చేయమంటాయి. అప్పుడు మీరిచ్చే వేలిముద్ర లాక్‌నే తీసేస్తుంది, రాజు గారి భయం అక్కడ సరైనదే. ఏది మీదో తేల్చుకోవడానికి ఇంట్లో ఒకసారి ఫోను లాక్ చేసి, వాలెట్ తెరిచి, వేలిముద్ర పెట్టి, హోమ్‌కు వెళ్లి చూడండి.

మద్దిలపాలెం_మూర్తి: నా ఇబ్బంది వేరు. రైతుబజారులో లాక్ తెర మీది క్యూఆర్ స్కానర్‌తో కోడ్ తీస్తాను, కానీ యూపీఐ యాప్ తెరవబోతే ఫోను లాక్ తీయమంటుంది, ఆపై యూపీఐ పిన్ కూడా. ఇదేం తిప్పలు?

యాప్_పనివాడు: మూర్తి గారూ, అదీ ఆ కట్టుబాటే. స్కానర్‌కు లాక్ మీద కనిపించే అనుమతి ఉంది, మీ యూపీఐ యాప్‌కు లేదు. ఒక తెరకున్న అనుమతి అది పిలిచే మరో యాప్‌కు రాదు. ఇంకొకటి: ఫోను ఆపి మళ్లీ వేశాక మొదటిసారి లాక్ తీసేదాకా వేలిముద్ర పనిచేయదు, పిన్ కొట్టాల్సిందే. కౌంటరు దగ్గర చాలామంది దీన్ని వాలెట్ పాడైందనుకుంటారు.

సీతమ్మధార_గృహిణి: చూశాను, హోమ్‌కు వెళ్తే లాక్ తెరే వచ్చింది. కానీ అక్కడ మా చెల్లెలు పంపిన సందేశం మొత్తం కనిపిస్తోంది!

యాప్_పనివాడు: అది వాలెట్ చేసిన పని కాదమ్మా. లాక్ తెర నోటిఫికేషన్లలో సందేశంలోని మాటలు దాచే సెట్టింగు వేరుగా ఉంటుంది, దాన్ని పెట్టుకోండి.

గాజువాక_రాజు: నా ఫోనులో హోమ్ నొక్కితే నేరుగా లోపలికి వెళ్లిపోయింది. నాదీ సామ్‌సంగే!

యాప్_పనివాడు: సెట్టింగులలో Extend Unlock ఆన్‌లో ఉందా? బ్లూటూత్ వాచీ దగ్గరుంటే అది ఫోనును తెరిచే ఉంచగలదు. అప్పుడు మీరు చూసింది అసలు లాక్ పడని ఫోను కావచ్చు.

గాజువాక_రాజు: వాచీ ఉంది. తీసేసి రేపు మళ్లీ చూసి రాస్తాను.