25 శాతం సీసాను వెనక్కి తిప్పి చదివితే

చామంతి: నా దగ్గర రెండు విటమిన్ సి సీరమ్‌లున్నాయి. ఒకదాని మీద ‘10% ఆస్కార్బిక్ యాసిడ్’ అని, ఇంకోదాని మీద ‘25% విటమిన్ సి కాంప్లెక్స్’ అని ఉంది. మొదటిది అయిపోవచ్చింది. రెండోది రెండున్నర రెట్లు ఘాటు కదా, రోజు విడిచి రోజు రాయాలా? మంట పుడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

వెన్నెల: శాతం పెరిగితే మంటా పెరుగుతుంది, ఫలితమూ త్వరగా వస్తుంది. రెండు చుక్కలతో మొదలుపెట్టండి.

లాబ్ కోటు: మంట సంగతి నిజమే వెన్నెలగారూ, ఫలితం సంగతి అలా కాదు. 2001లో అచ్చమైన ఆస్కార్బిక్ యాసిడ్‌ని పంది చర్మం మీద పరీక్షించారు. 20 శాతం దాకా చర్మంలోకి దిగేది పెరిగింది, ఆపైన పెరగలేదు. అదీ పీహెచ్ 3.5 కన్నా తక్కువుంటేనే. చామంతిగారూ, ‘కాంప్లెక్స్’ అనే మాట దగ్గర నాకు అనుమానంగా ఉంది. వెనకవైపు పదార్థాల పేర్లు అదే వరుసలో రాయండి.

చామంతి: నీళ్లు, గ్లిజరిన్, ఏదో పండు ఎక్స్‌ట్రాక్ట్, ఫినాక్సీఇథనాల్, ఆస్కార్బైల్ గ్లూకోసైడ్, శాంథన్ గమ్.

లాబ్ కోటు: ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలని నియమం. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ ప్రిజర్వేటివ్. యూరప్ నిబంధనల ప్రకారం అది ఒక శాతం దాటకూడదు, చాలామంది తయారీదారులు అంతకు మించరు. మీ సీసాలో విటమిన్ సి రూపమైన ఆస్కార్బైల్ గ్లూకోసైడ్ దాని తర్వాత వచ్చింది. అంటే అదీ ఒక శాతానికి అటూఇటూ, బహుశా ఇంకా తక్కువే. మరి 25 ఏమిటంటారా? నీళ్లు, గ్లిజరిన్, పండు రసం, కాస్త విటమిన్ సి కలిపిన మిశ్రమం మొత్తాన్ని తూచి వేసిన అంకె అయ్యుంటుంది. పాల ప్యాకెట్ బరువు చెప్పి వెన్న బరువు అనుకోమన్నట్టు.

పొద్దుతిరుగుడు: నాకు నియాసినమైడ్ 10 శాతంతో బుగ్గలు ఎర్రబడ్డాయి. 20కి మారితే అలవాటవుతుందా?

లాబ్ కోటు: వద్దండీ, కిందికి రండి. దాని మీద జరిగిన మంచి పరీక్షల్లో చాలావాటిలో వాడింది 2 నుంచి 5 శాతమే. ముందు ఎర్రదనం పూర్తిగా తగ్గనివ్వండి.

వెన్నెల: అయితే గ్లూకోసైడ్ దండగేనా?

లాబ్ కోటు: అలా అనను. చర్మంలోకి వెళ్లాక అది ఆస్కార్బిక్ యాసిడ్‌గా మారాలి. ఎంత మారుతుందో లేబుల్ చూసి చెప్పలేం.

చామంతి: సరే, పాతదే మళ్లీ కొంటాను. కానీ అడుగున మిగిలింది ముదురు నారింజ రంగుకు తిరిగింది. అందులో ఇంకా 10 శాతం ఉంటుందా?

లాబ్ కోటు: ఉండదండీ. ఆ 10 నింపిన రోజు లెక్క. గాలి, వెలుతురు తగిలి ఆక్సిడైజ్ అయితేనే రంగు అలా ముదురుతుంది. మిగిలింది పారబోసేయండి.