ఎడారి సినిమాని డబ్బా ఫ్రేమ్‌లో తీయడం ఏంటి? పక్కల నల్ల పట్టీల గురించి

గోడగడియారం:
నిన్న రాత్రి 'మీక్స్ కటాఫ్' పెట్టాను. 2010లో కెల్లీ రైకార్ట్ తీసిన సినిమా. 1845లో ఎడ్లబళ్ళు కట్టుకుని ఎడారి దాటే కొన్ని కుటుంబాల కథ. కనుచూపు మేర ఎడారే, కానీ బొమ్మ మాత్రం టీవీ మధ్యలో డబ్బాలా ఉంది. కుడిఎడమల రెండు నల్ల పట్టీలు. కాసేపు ఓర్చుకుని రిమోట్‌లో జూమ్ నొక్కాను. తెర నిండింది గానీ ఆడవాళ్ళ తలమీద టోపీలు సగానికి తెగిపోయాయి. మళ్ళీ వెనక్కి మార్చుకున్నాను. ఇంత వెడల్పు తెర ఇంట్లో పెట్టుకుని పావు వంతు నలుపు చూస్తూ కూర్చోవాలా? డబ్బులు మిగుల్చుకోవడానికి ఇలా తీస్తారా?

వాసు_స్కోప్:
పాత సినిమా లుక్ కోసం బ్రో. అప్పట్లో టీవీలు డబ్బాల్లా ఉండేవి కాబట్టి సినిమాలూ అలాగే తీసేవాళ్ళు. ఇప్పుడు మళ్ళీ ఫ్యాషన్ అయింది. నన్నడిగితే అసలు సినిమా అంటే 70 ఎంఎం. ఎంత వెడల్పైతే అంత పెద్ద సినిమా. జూమ్ పెట్టుకుని చూసెయ్, ఏం కొంప మునగదు.

రీలుపెట్టె:
వాసు బాబూ, నువ్వు చెప్పిందాంట్లో సగం కరెక్టే, కానీ వరస తిరగబడింది. టీవీని చూసి సినిమా డబ్బా అవలేదు, సినిమాని చూసే టీవీ డబ్బా అయింది. 35 ఎంఎం ఫిల్మ్ మీద మూకీల కాలంలో ఒక్కో ఫ్రేముకి అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తు వాడేవాళ్ళు, అలా వచ్చిన ఆకారం 1.33, అంటే ఎత్తు ఒకటైతే వెడల్పు 1.33. తర్వాత మాటలొచ్చాయి. సౌండ్ ట్రాక్‌కి ఫిల్మ్ పక్కన చోటు కావాల్సొచ్చి బొమ్మ వెడల్పు తగ్గి, ఇంచుమించు చదరమే అయిపోయింది, 1.19. అది మరీ ఇరుకని 1932లో 1.37కి స్థిరపరిచారు. టీవీ ఈ ఆకారాన్నే ఎత్తుకుంది. టీవీ జనాన్ని ఇళ్ళకి లాగేసరికి, ఇంట్లో దొరకనిది చూపించాలని 1953లో 'ది రోబ్'తో సినిమాస్కోప్ వచ్చింది. వెడల్పు బొమ్మని కెమెరా లెన్స్ సగానికి నొక్కి ఫిల్మ్ మీద పెడుతుంది, ప్రొజెక్టర్ లెన్స్ మళ్ళీ విప్పుతుంది.

ఇంకో మాట. 70 ఎంఎం అంటే వెడల్పు అని అందరూ అనుకుంటారు. మామూలు 70 ఎంఎం బొమ్మ 2.20 మాత్రమే, స్కోప్ 2.39. అంటే స్కోపే ఎక్కువ వెడల్పు. 70 ఎంఎంలో పెరిగింది ఫిల్మ్ సైజు, దానివల్ల స్పష్టత.

వాసు_స్కోప్:
మరి 'బెన్ హర్' 70 ఎంఎం కాదా? దాని వెడల్పు మామూలుగా లేదు కదా.

రీలుపెట్టె:
అది 65 ఎంఎం నెగెటివ్ మీద తీసిందే, కానీ దానికి కూడా కొంచెం నొక్కే లెన్స్ కలిపారు. అందుకే 2.76 దాకా వెళ్ళింది. అన్నీ అలా ఉండవు.

ఉత్తరపుగాలి:
గోడగడియారం గారూ, మీ ఫిర్యాదుకి ముందు చిన్న లెక్క. ఇప్పటి టీవీ 16:9, అంటే 1.78. అందులో మీరు చూసినట్టి 1.37 సినిమా పెడితే తెరలో 77 శాతం నిండుతుంది. 2.39 స్కోప్ సినిమా పెడితే 74 శాతమే నిండుతుంది. స్కోప్‌లో పోయేదే కాస్త ఎక్కువ, కాకపోతే ఆ నలుపు పైనా కిందా ఉంటుంది. దాన్ని చూసి "ఆహా, సినిమాలా ఉంది" అనుకుంటాం. అదే నలుపు పక్కలకొస్తే మోసపోయినట్టు అనిపిస్తుంది. అలవాటు అంతే.

జూమ్ నొక్కితే పోయేది కూడా అంతే. డబ్బా బొమ్మని తెర వెడల్పు నిండేదాకా పెద్దది చేస్తే పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు తెగుతుంది. మీకు టోపీలు పోయింది అందుకే. ఆ సినిమాలో టోపీలు పోతే సినిమా పోయినట్టే!

ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళు పెట్టుకునేవి ముఖానికి రెండు వైపులా పొడుచుకొచ్చిన బట్ట టోపీలు. పక్క చూపు ఉండదు, ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. దర్శకురాలు ఆ చదరపు ఫ్రేమ్‌ని ఈ టోపీ చూపుతోనే పోల్చి చెప్పింది. పైగా దారి తప్పిన జనం వాళ్ళు, ముందేముందో వాళ్ళకే తెలీదు. వెడల్పు ఫ్రేమ్ పెడితే ఎడారిలో మైళ్ళ అవతల ఉన్నది మనకి ముందే కనిపించేస్తుంది. రేపు వెళ్ళబోయే చోటు కూడా ఫ్రేమ్‌లోనే ఉంటుంది. అప్పుడు వాళ్ళ భయం మనకెలా తెలుస్తుంది?

గోడగడియారం:
ఓహో. టోపీ సంగతి నాకు తట్టనే లేదు. కానీ ఎడారి అంటే వెడల్పు కదండీ అని ఇంకా అనిపిస్తోంది.

ఉత్తరపుగాలి:
దానికి సరిగ్గా ఎదురుగా ఇంకో సినిమా చెప్తాను. 2015లో 'ది హేట్‌ఫుల్ ఎయిట్' వచ్చింది. ఫ్రేమ్ 2.76, 'బెన్ హర్'కి వాడినంత వెడల్పు. అంత వెడల్పుతో చూపించింది ఏంటి? చాలా భాగం ఒక్క గది. మంచు తుఫానులో చిక్కుకుని, ఒకళ్ళనొకళ్ళు నమ్మని మనుషులు. ముందు ఇద్దరు మాట్లాడుకుంటుంటే వెనక మూలన మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో కూడా కనిపిస్తూనే ఉంటుంది. ఎవరిమీద కన్నేసి ఉంచాలో తెలీక మనం తెరంతా వెతుక్కుంటాం. అక్కడ వెడల్పు పని అదే.

ఒకరు ఎడారిని డబ్బాలో పెట్టారు, ఇంకొకరు గదిని అతి వెడల్పులో పెట్టారు. కాబట్టి "ప్రకృతి దృశ్యం అయితే వెడల్పు, నాలుగు గోడలైతే ఇరుకు" అన్న సూత్రం పట్టుకుంటే ఈ రెండూ అర్థం కావు. పక్కన ఉన్నది ప్రేక్షకుడికి తెలియాలా వద్దా అన్నది అడగాలి.

చిన్నికెమెరా:
నాదీ ఇదే బాధ. మేం నలుగురం కలిసి 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. 4కె 16:9లో షూట్ చేసి, సినిమా లుక్ రావాలని ఎడిటింగ్‌లో పైనా కిందా నల్ల పట్టీలు వేశాను. ల్యాప్‌టాప్‌లో అదిరిపోయింది. మొన్న ఒక చిన్న ప్రదర్శనకి పంపితే పెద్ద తెర మధ్యలో పోస్ట్ స్టాంపులా పడింది. నాలుగు వైపులా నలుపే! థియేటర్ వాళ్ళు సరిగ్గా వేయలేదా?

రీలుపెట్టె:
వాళ్ళ తప్పు కాదు నాయనా. థియేటర్ ఫైలు, అదే డీసీపీ, రెండు ఆకారాల్లో ఉంటుంది. ఫ్లాట్ అయితే 1998×1080, స్కోప్ అయితే 2048×858. నీ వీడియోలో ఆ పట్టీలు కూడా బొమ్మలో భాగమే కాబట్టి దాన్ని ఫ్లాట్‌గా చేసుంటారు. ఆ థియేటర్‌లో ఉన్నది స్కోప్ తెర. ఫ్లాట్ సినిమా వేస్తే పక్కన నల్ల కర్టెన్లు లాగి వెడల్పు తగ్గిస్తారు. పక్కల నలుపు వాళ్ళది, పైనా కిందా నలుపు నువ్వు వేసింది. కలిపితే స్టాంపు.

పట్టీలు తీసేసి, టైమ్‌లైన్‌నే 2048×858కి మార్చి, స్కోప్ డీసీపీ చేయించు. ఒరిజినల్ షాట్లు ఉన్నాయా?

చిన్నికెమెరా:
ఉన్నాయి అంకుల్. కానీ ఇంకో గొడవ. పట్టీలు వేశాక కొన్ని షాట్లలో తలలు తెగాయి. షూటింగ్‌లో మానిటర్ మీద గీతలు పెట్టుకోలేదు.

రీలుపెట్టె:
అదే అసలు తప్పు. 2.39 అని ముందే అనుకుంటే మానిటర్ మీద ఆ గీతలు వేసుకుని, వాటి లోపలే ఫ్రేమ్ కట్టాలి. ఇప్పుడు చేయగలిగింది షాట్ షాట్‌కీ బొమ్మని పైకో కిందకో జరపడం. తల పైన ఎంత ఖాళీ వదిలావో అంతవరకే జరుగుతుంది. ఎత్తులో పావు వంతు వదులుకోవాల్సిందే. అది కుదరని షాట్లు ఎక్కువుంటే స్కోప్ మాట మర్చిపో, పట్టీలు లేకుండా ఫ్లాట్‌గానే చూపించు.

ఫిల్మ్ రోజుల్లో దీనికి తిరగేసిన కథ ఉండేది. 1.85 సినిమాలు చాలావరకు పూర్తి ఫ్రేములో తీసేవాళ్ళు, పైనా కిందా ఉన్నదాన్ని మేం ప్రొజెక్టర్‌లో ఒక రేకు పెట్టి మూసేవాళ్ళం. ఆ రేకు తప్పుది పెట్టినా, ఫ్రేమ్ కొంచెం కిందకి జరిగినా హీరో నెత్తిమీద మైకు వేలాడుతూ కనిపించేది. జనం డైరెక్టర్‌ని తిట్టేవాళ్ళు, తప్పు మాది!

లలితపల్లవి:
నాకు టెక్నికల్ సంగతులు తెలీవు. మా ఇంట్లో టీవీలో అందరూ లావుగా కనిపిస్తున్నారు, అదీ ఇదేనా? పట్టీలు మాత్రం లేవు.

ఉత్తరపుగాలి:
అది వేరేనండీ. కోయకుండా పక్కలకి సాగదీస్తోంది మీ టీవీ. గుండ్రటి వస్తువు దేన్నైనా చూడండి, బండి చక్రమో గడియారమో. కోడిగుడ్డులా ఉంటే సాగదీత. చక్రం గుండ్రంగానే ఉండి తలలు తెగితే జూమ్. రెండూ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ దగ్గరే మారతాయి.

లలితపల్లవి:
చక్రం గుడ్డే. మార్చాను. అందరూ ఒక్కసారిగా సన్నబడ్డారు, థాంక్స్.

నీలిదీపం:
ముఖాల గురించి ఎవరూ చెప్పలేదేంటి? నాకు డబ్బా ఫ్రేమ్ నచ్చేది అందుకే. ముఖం ఫ్రేమ్ ఎత్తులో ముప్పావు ఉందనుకోండి. 1.37లో అది వెడల్పులో మూడో వంతుకి పైనే ఆక్రమిస్తుంది, మిగిలేది తక్కువ. అదే ముఖం స్కోప్‌లో ఐదో వంతు మాత్రమే. మిగతా నాలుగు వంతుల్లో ఏం పెట్టాలి? గోడో, మసక దీపాలో పెట్టి నింపుతారు. 2014లో వచ్చిన 'మమ్మీ' అచ్చంగా 1:1. ఒకచోట కుర్రాడు రెండు చేతులతో ఫ్రేమ్‌ని పక్కలకి నెట్టేస్తాడు, తెర వెడల్పవుతుంది. అంతసేపూ మనకి ఊపిరాడలేదని అప్పుడు తెలుస్తుంది.

వాసు_స్కోప్:
అది గిమ్మిక్ బ్రో. చేతులతో తోయడం ఏంటి, వెంటనే డైరెక్టర్ గుర్తొచ్చేస్తాడు. పైగా ముఖానికి వెడల్పు పనికిరాదంటే సెర్జియో లియోనే ఏమైపోవాలి? స్కోప్ నిండా కళ్ళు మాత్రమే పెట్టాడు. నుదురూ గడ్డం కోసేసినా ఆ టెన్షన్ డబ్బాలో వస్తుందా?

నీలిదీపం:
లియోనే విషయం ఒప్పుకుంటాను. కళ్ళకి వెడల్పు సరిపోతుంది, రెండూ అడ్డంగా ఉండేవే కదా. మొత్తం ముఖానికి మాత్రం ఒప్పుకోను. 'మమ్మీ' గిమ్మిక్ అన్నది అస్సలు ఒప్పుకోను.

రీలుపెట్టె:
వాళ్ళిద్దరి తగువు నేను తీర్చలేను. ఎత్తు సంగతి ఒకటి చెప్తా. 2019లో 'ది లైట్‌హౌస్' ఆ పాత 1.19లోనే తీశారు. నిలువుగా లేచిన దీపస్తంభం, కింద ఇరుకు గదిలో ఇద్దరు మగవాళ్ళు. ఆ స్తంభం స్కోప్‌లో నిండుగా చూపించాలంటే కెమెరా ఎంత వెనక్కి పోవాలో ఆలోచించండి.

గోడగడియారం:
జూమ్ తీసేసి, గదిలో లైట్లు ఆపి మొదటి నుంచి చూశాను. లైట్లు ఆపితే ఆ పట్టీలు పావుగంటలో కంటికి ఆనడం మానేశాయి. ఈసారి టోపీలే చూస్తూ కూర్చున్నాను. మగవాళ్ళు దూరంగా నిలబడి ఎటు పోవాలో మాట్లాడుకుంటుంటే ఆడవాళ్ళతోపాటు నాకూ మాటలు సరిగా వినపడలేదు. ఫ్రేమ్ పక్కన ఏముందో తల తిప్పి చూడాలనిపించింది.

వాసూ, మరి కొన్ని సినిమాల్లో యాక్షన్ రాగానే నల్ల పట్టీలు మాయమై తెర నిండిపోతుంది, మళ్ళీ మాటల సీన్‌కి తిరిగొస్తాయి. అది ఏ లెక్క?

వాసు_స్కోప్:
అది ఐమ్యాక్స్ కెమెరాతో తీసిన ముక్కలు. ఐమ్యాక్స్‌లో ఎత్తు ఎక్కువ. చూశారా, వెడల్పు కాదు, ఎత్తు పెరిగింది... ఆగండి, నేను నా మాటకే అడ్డం వచ్చానా?